రక్తంలో మందు గాఢత రీడింగుల నుంచి ఏయూసీ: ట్రెపిజాయిడల్ రూల్‌ను షీట్‌లో వేయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎం.ఫార్మసీ ప్రాజెక్టుల్లో, బయోఈక్వివలెన్స్ అధ్యయనాల్లో ఫార్మకోకైనెటిక్స్ లెక్కలు మొదటిసారి చేతికి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలివి. అసలు రిపోర్టులు ప్రత్యేక సాఫ్ట్‌వేర్ నుంచే వస్తాయి. అయినా ఒక్కసారి ఎక్సెల్ సెల్స్‌లో చేత్తో వేసి చూసినవాళ్లకే ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెలో తేడా వస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. కింది జవాబులన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాను. అంకెలు లెక్క సులువుగా ఉండాలని నేను వేసుకున్నవే, ఏ మందువీ కావు.

ఏయూసీ అంటే ఏమిటి? దానికి సమలంబ చతుర్భుజాలతో ఏం పని?

మాత్ర వేసుకున్నాక కొన్ని నిర్ణీత సమయాల్లో రక్తం తీసి, ప్లాస్మాలో మందు గాఢత ఎంతుందో కొలుస్తారు. కాలాన్ని అడ్డంగా, గాఢతను నిలువుగా పెట్టి గీస్తే ఒక వక్రరేఖ వస్తుంది. త్వరగా పైకి లేచి, ఒక గరిష్ఠాన్ని తాకి, తర్వాత మెల్లగా దిగుతుంది. ఆ రేఖ కింద ఉన్న వైశాల్యమే ఏయూసీ. మొత్తం మీద శరీరానికి ఎంత మందు అందిందో చెప్పే కొలత అది.

చిక్కల్లా ఏమిటంటే, మన దగ్గర రేఖ లేదు, దాని మీది కొన్ని చుక్కలు మాత్రమే ఉన్నాయి. అందుకని పక్కపక్క చుక్కలను సరళరేఖతో కలిపి, ఒక్కో జత కింద ఉన్న పట్టీ వైశాల్యం కట్టి, అన్నీ కూడతాం. ఆ పట్టీ సమలంబ చతుర్భుజం. సమాంతర భుజాలు రెండూ రెండు గాఢతలు, వాటి మధ్య దూరం రెండు శాంపిళ్ల మధ్య గడిచిన కాలం. భుజాల సగటును దూరంతో గుణిస్తే వైశాల్యం వస్తుంది. ఎనిమిదో తరగతి లెక్కకు మించి ఇందులో ఏమీ లేదు.

షీట్‌లో ఎలా వేయాలి?

మొదటి వరుసలో శీర్షికలు, A కాలమ్‌లో మందు వేసుకున్నప్పటి నుంచి గడిచిన గంటలు, B కాలమ్‌లో మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో గాఢత పెట్టండి. మన ఉదాహరణ ఇది:

| వరుస | A: గంటలు | B: గాఢత | C: పట్టీ వైశాల్యం |
|---|---|---|---|
| 2 | 0 | 0 | |
| 3 | 0.5 | 40 | 10 |
| 4 | 1 | 90 | 32.5 |
| 5 | 2 | 120 | 105 |
| 6 | 3 | 100 | 110 |
| 7 | 4 | 80 | 90 |
| 8 | 6 | 50 | 130 |
| 9 | 8 | 32 | 82 |
| 10 | 12 | 12 | 88 |
| 11 | 24 | BLQ | |

C3 సెల్‌లో ఈ ఫార్ములా కొట్టి, C10 వరకు కిందికి లాగండి:

```
=(A3-A2)*(B3+B2)/2
```

C2 ఖాళీగానే ఉండాలి. తొమ్మిది చుక్కల మధ్య ఉండేది ఎనిమిది పట్టీలే. పొరపాటున C2 నుంచి మొదలుపెడితే ఫార్ములా మొదటి వరుసలోని శీర్షికను అంకె అనుకుని లెక్కలోకి లాగుతుంది, `#VALUE!` అని వస్తుంది. చివర `=SUM(C3:C10)` వేస్తే 647.5 వస్తుంది. ఇదే 0 నుంచి 12 గంటల వరకు ఏయూసీ.

యూనిట్ మర్చిపోకండి. గాఢతను కాలంతో గుణించాం కాబట్టి ఇది మిల్లీలీటరుకు 647.5 నానోగ్రామ్-గంటలు. నిమిషాల్లో వేసి ఉంటే ఇదే వైశాల్యం అరవై రెట్లుగా కనిపించేది. రెండు అధ్యయనాల ఏయూసీలు పోల్చేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

పట్టీల కాలమ్ లేకుండా ఒకే సెల్‌లో రాదా?

వస్తుంది.

```
=SUMPRODUCT(A3:A10-A2:A9,(B3:B10+B2:B9)/2)
```

ఇందులో ప్రతి జత రేంజీలూ ఒక వరుస తేడాతో, ఒకే పొడవుతో ఉండాలి. పొడవు కలవకపోతే ఎర్రర్ వస్తుంది, అది మన మంచికే. నా మట్టుకు నేను మాత్రం C కాలమ్ ఉంచుకోమనే చెబుతాను. ఒకే సెల్‌లో వేస్తే ఏ పట్టీ ఎంత వచ్చిందో కనిపించదు. తప్పు ఎక్కడున్నా సరే, దొరికేది పట్టీలను ఒక్కొక్కటిగా చూసినప్పుడే.

శాంపిళ్ల మధ్య కాలం సమానంగా లేదు కదా, ఫర్వాలేదా?

ఫర్వాలేదు. ప్రతి పట్టీకీ దాని వెడల్పు దానికే లెక్కలోకి వస్తోంది. పాఠ్యపుస్తకంలో "మొదటిదీ చివరిదీ సగం, మధ్యవన్నీ పూర్తిగా కూడి h తో గుణించు" అనే పొట్టి సూత్రం ఉంటుంది. అది సమాన వెడల్పులకు మాత్రమే. ఫార్మకోకైనెటిక్స్‌లో శాంపిళ్లు కావాలనే అసమానంగా తీస్తారు. గాఢత వేగంగా మారే మొదటి గంటల్లో దగ్గరదగ్గరగా, తర్వాత ఎడంగా. కాబట్టి ఆ పొట్టి సూత్రం ఇక్కడ పనికిరాదు. సింప్సన్ రూల్ మామూలు రూపం కూడా ఇదే కారణంగా కుదరదు.

24 గంటల దగ్గర BLQ అని ఉంది. సున్నా పెట్టేయనా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదవాలనుకుంటే ఇది చదవండి.

BLQ అంటే ల్యాబ్ పద్ధతి నమ్మకంగా కొలవగలిగిన కనిష్ఠ స్థాయి కంటే తక్కువ ఉందని అర్థం. మందు లేదని కాదు. ఆ మాటను అలాగే B11లో ఉంచి ఫార్ములా కిందికి లాగితే `#VALUE!` వస్తుంది. దాన్ని వదిలించుకోవాలని చాలామంది అక్కడ 0 కొడతారు. అప్పుడు చివరి పట్టీ 12 గంటల వెడల్పుతో, ఒక పక్క 12, ఇంకో పక్క 0తో, 72 అవుతుంది. మొత్తం 719.5.

ఆ 719.5 ఎందుకు తప్పో చూద్దాం. చివరి మూడు రీడింగుల దిగుడు వేగాన్ని బట్టి 12 గంటల తర్వాత అనంత కాలం వరకు మిగిలే వైశాల్యం సుమారు 50.2 (ఎలా వచ్చిందో కింద ఉంది). అంటే అనంతం వరకు మొత్తం 697.7. కానీ సున్నా పెట్టిన లెక్క 24 గంటలకే 719.5 చూపిస్తోంది! ఒక రోజులోని భాగం, మొత్తం కంటే ఎక్కువ అవడం అసాధ్యం. కారణం ఏమిటంటే, నిజంగా గాఢత 12 గంటల తర్వాత త్వరగా పడిపోయి, తర్వాత నేలకు దగ్గరగా సాగుతుంది. మనం వేసిన సరళరేఖ మాత్రం 12 నుంచి సున్నాకు తీరుబడిగా, పన్నెండు గంటలపాటు దిగుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీ అంతా మన లెక్కలో అదనంగా చేరిపోయింది. అక్కడ ఉండాల్సింది సుమారు 47, వచ్చింది 72.

అందుకే సాధారణంగా పాటించే పద్ధతి ఇది. కొలవగలిగిన చివరి గాఢత దగ్గరే కూడిక ఆపాలి. మన ఉదాహరణలో అది 12 గంటలు. ఆ తర్వాతి BLQలు లెక్కలోకి రావు. మందు రక్తంలోకి ఇంకా రాని మొదటి శాంపిళ్లలో BLQ ఉంటే మాత్రం సున్నాగా తీసుకుంటారు. రెండు మామూలు రీడింగుల మధ్య ఒక BLQ ఇరుక్కుంటే దాన్ని లేనిదానిగా చూడడమే ఎక్కువ మంది చేసేది. ఏది చేసినా ప్రోటోకాల్‌లో ముందే రాసి ఉండాలి. అంకెలు చూశాక నిర్ణయించుకునేది కాదు.

ఒక శాంపిల్ తీయలేదు. ఆ సెల్ ఖాళీగా వదిలేస్తే?

ఖాళీ వదలడం BLQ కంటే ప్రమాదం, ఎందుకంటే ఎర్రర్ కూడా రాదు. కూడికలో ఖాళీ సెల్‌ను ఎక్సెల్ సున్నాగా తీసుకుంటుంది. 8 గంటల రీడింగ్ లేదనుకుందాం. B9 ఖాళీ పెడితే 6-8 పట్టీ 50, 8-12 పట్టీ 24 అవుతాయి. అసలు ఆ రెండూ కలిపి 170 రావాలి, వచ్చింది 74. మొత్తం 551.5కు పడిపోతుంది. షీట్ మాత్రం ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఆ వరుసను మొత్తంగా తీసేయండి. అప్పుడు 6 నుంచి 12 వరకు ఒకే పట్టీ అవుతుంది. దాని వైశాల్యం 186, మొత్తం 663.5. అసలు జవాబు కంటే 16 ఎక్కువ, అంటే రెండున్నర శాతం. సున్నా చేసిన నష్టంతో పోలిస్తే ఇది చాలా చిన్నది. వరుస తీసేశాక దాని కింది ఫార్ములా `#REF!` చూపిస్తే కంగారు పడకండి. పై సెల్ నుంచి మళ్లీ కిందికి లాగితే సరిపోతుంది.

నా మొత్తం ఇరవైనాలుగో వంతు వచ్చింది. ఎందుకు?

A కాలమ్‌లో గడియారం టైము కొట్టి ఉంటారు. 9:00, 9:30 అని కొడితే ఎక్సెల్ వాటిని రోజులో భాగంగా దాచుకుంటుంది. అరగంట దానికి 0.0208. మన ఉదాహరణలో అలా చేస్తే 647.5 బదులు 26.98 వస్తుంది. తేడాను 24తో గుణిస్తే గంటలు వస్తాయి:

```
=(A3-A2)*24*(B3+B2)/2
```

ఇంకో తంటా అర్ధరాత్రి దాటే శాంపిళ్లతో. తేదీ లేకుండా టైము మాత్రమే ఉంటే రాత్రి 9 తర్వాత ఉదయం 9 అనగానే వెడల్పు మైనస్‌లోకి వెళ్లి, ఆ పట్టీ మొత్తం నుంచి తీసివేత అవుతుంది. C కాలమ్‌లో మైనస్ అంకె ఎక్కడ కనిపించినా ముందు టైములు చూడండి. తేదీ, టైము రెండూ ఒకే సెల్‌లో కొట్టి, పక్క కాలమ్‌లో గడిచిన గంటలు కట్టుకోవడం మేలు.

అనుకున్న టైము వేయాలా, రక్తం తీసిన టైము వేయాలా?

తీసిన టైమే. 12 గంటల శాంపిల్ 25 నిమిషాలు ఆలస్యంగా తీశారనుకోండి. గాఢత 12 అన్నది 12 గంటల 25 నిమిషాలది. పట్టీ వెడల్పు 4 కాదు, 4.417. వైశాల్యం 88 కాదు, 97.2. ఒక్క ఆలస్యంతో మొత్తంలో 1.4 శాతం తేడా. వెడల్పైన పట్టీల దగ్గర, గాఢత వేగంగా మారే మొదటి గంట దగ్గర ఈ పట్టింపు తప్పనిసరి.

ట్రెపిజాయిడల్ రూల్ ఎక్కువ చూపిస్తుందా, తక్కువ చూపిస్తుందా?

రేఖ ఎటు వంగిందన్నదాన్ని బట్టి రెండూ చేస్తుంది. గరిష్ఠం దగ్గర రేఖ పైకి ఉబ్బి ఉంటుంది, మన సరళరేఖ దాని కిందుగా పోతుంది, కాబట్టి తక్కువ వస్తుంది. దిగే భాగంలో రేఖ కిందికి కుంగి ఉంటుంది, సరళరేఖ దాని పైనుంచి పోతుంది, కాబట్టి ఎక్కువ వస్తుంది. రెండు తప్పులూ కొంతవరకు కొట్టుకుపోతాయి, కానీ పూర్తిగా పోతాయన్న హామీ లేదు.

మన రీడింగులు సరిపోయాయా అని తెలుసుకోవడానికి ఒక మొరటు పరీక్ష ఉంది. ఒక్కో రీడింగ్ తీసేసి మొత్తం ఎంత మారుతుందో చూడండి. 2 గంటల రీడింగ్ తీసేస్తే 1 నుంచి 3 వరకు ఒకే పట్టీ 190 అవుతుంది. అసలు 215 ఉండాలి. మొత్తం 622.5కు దిగుతుంది, దాదాపు 4 శాతం తక్కువ. 8 గంటలది తీసేస్తే రెండున్నర శాతం ఎక్కువైందని పైన చూశాం. అంటే ఈ మందుకు గరిష్ఠం చుట్టూ ఇంకో శాంపిల్, ఉదాహరణకు 1.5 గంటల దగ్గర, తీస్తే లాభం. ఇది అధ్యయనం మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సిన విషయం. రక్తం తీయడం అయిపోయాక ఏ ఫార్ములా కూడా లేని శాంపిల్‌ను తెచ్చిపెట్టలేదు.

లాగ్ ట్రెపిజాయిడల్ అంటారు, అదెప్పుడు?

మందు దిగే భాగంలో గాఢత సాధారణంగా ఘాతాంకంగా పడుతుంది, అంటే సమాన కాలంలో సమాన నిష్పత్తిలో తగ్గుతుంది. అలాంటప్పుడు రెండు చుక్కల మధ్య సరళరేఖ కాక, ఆ రకం వక్రమే ఉందనుకుంటే పట్టీ వైశాల్యం ఇలా వస్తుంది: గాఢతల తేడాను వాటి నిష్పత్తి లాగరిథంతో భాగించి, కాలంతో గుణించాలి. ఎక్కేటప్పుడు మామూలుది, దిగేటప్పుడు లాగ్‌ది వాడే పద్ధతి ఎక్కువ వాడుకలో ఉంది:

```
=IF(AND(B3<B2,B3>0),(B2-B3)/LN(B2/B3)*(A3-A2),(A3-A2)*(B3+B2)/2)
```

షరతులు రెండూ ఊరికే పెట్టలేదు. రెండు గాఢతలు సమానమైతే లాగరిథం సున్నా అయి భాగహారం కుదరదు. రెండోది సున్నా అయినా ఇదే గొడవ. ఆ రెండు సందర్భాల్లోనూ ఫార్ములా మామూలు పట్టీకి వెళ్లిపోతుంది.

మన ఉదాహరణలో 2 నుంచి 3 గంటల పట్టీ 110 బదులు 109.7 అవుతుంది, తేడా లేనట్టే. 8 నుంచి 12 పట్టీ మాత్రం 88 నుంచి 81.6కు పడుతుంది. మొత్తం 647.5 బదులు 636.7, అంటే 1.7 శాతం తక్కువ. ఆ తేడాలో సగానికి మించి ఒక్క చివరి పట్టీ నుంచే వచ్చిందని గమనించండి. రీడింగులు దగ్గరగా ఉన్నచోట ఏ పద్ధతైనా ఒకటే. ఎడంగా ఉండి, గాఢత సగం కంటే తక్కువకు పడిపోయే పట్టీల దగ్గరే పద్ధతి ఎంపికకు విలువ.

అయితే లాగ్ వాడకపోతే తప్పా?

తప్పు కాదు. బయోఈక్వివలెన్స్‌లో చూసేది కొత్త ఉత్పత్తికీ అసలు ఉత్పత్తికీ మధ్య నిష్పత్తి. దాని 90 శాతం విశ్వాస అంతరం సాధారణంగా 80 నుంచి 125 శాతం మధ్య ఉండాలి. రెండింటికీ ఒకే పద్ధతి, ఒకే శాంపిల్ సమయాలు వాడితే ఇద్దరి తప్పూ ఒకే దిశలో ఉండి, నిష్పత్తిలో చాలావరకు పోతుంది. ఒకదానికి ఒకటి, ఇంకోదానికి ఇంకోటి వాడడమే తప్పు. సీనియర్ ఇచ్చిన పాత షీట్‌లో కొన్ని వరుసలకు లాగ్, కొన్నిటికి మామూలుది ఉంటే అది కావాలని పెట్టిన షరతో, కాపీ చేసేటప్పుడు జరిగిన గందరగోళమో చూసుకోండి.

చివరి రీడింగ్ తర్వాత మిగిలిన వైశాల్యం ఎలా కట్టాలి?

దిగే భాగంలో చివరి రీడింగులు కనీసం మూడు తీసుకుని, వాటి సహజ లాగరిథం కాలంతో ఎంత వేగంగా తగ్గుతోందో చూడాలి. గరిష్ఠ గాఢత ఈ మూడింట్లో ఉండకూడదు. D8 నుంచి D10 వరకు `=LN(B8)` లాగి, వేరే సెల్స్‌లో ఇవి వేయండి:

```
F2:  =-SLOPE(D8:D10,A8:A10)
F3:  =B10/F2
F4:  =SUM(C3:C10)+F3
F5:  =F3/F4
```

F2లో 0.2389 వస్తుంది, అది గంటకు నిర్మూలన రేటు. 0.693ను దాంతో భాగిస్తే అర్ధాయువు 2.9 గంటలు. F3లో 50.2, F4లో 697.7, F5లో 7.2 శాతం.

ముందు చూడాల్సింది F5. అది మనం కొలవకుండా ఊహించుకున్న భాగం. 20 శాతం దాటితే శాంపిళ్లు చాలినంత కాలం తీయలేదని అర్థం. కొలిచిన ఏయూసీ మొత్తంలో కనీసం 80 శాతం ఉండాలని యూరప్ మార్గదర్శకాలు కూడా అంటాయి. మన 7.2 శాతం బాగానే ఉంది.

F2 మైనస్‌గా వచ్చిందంటే చివర్లో గాఢత పెరుగుతోందన్నమాట. అప్పుడు అనంతం వరకు ఏయూసీ రిపోర్ట్ చేయకూడదు. గ్రాఫ్‌లో నిలువు అక్షాన్ని లాగ్ స్కేల్‌కు మార్చి, చివరి మూడు చుక్కలు ఒక గీత మీదికి వస్తున్నాయో లేదో కళ్లతో కూడా చూడండి. `SLOPE` ఏ మూడు అంకెలిచ్చినా ఏదో ఒక జవాబు చెబుతుంది.

ట్రెండ్‌లైన్ వేసి, ఆ సమీకరణాన్ని ఇంటిగ్రేట్ చేస్తే ఇంకా కచ్చితంగా రాదా?

రాదు. నాలుగో డిగ్రీ బహుపది గరిష్ఠం దగ్గర చుక్కలకు అతుక్కున్నట్టు కనిపించినా, ఎడంగా ఉన్న చివరి చుక్కల మధ్య సున్నా కిందికి కూడా దిగిపోవచ్చు. మైనస్ గాఢత అనేది లేదు. చార్టులో "స్మూత్ లైన్" ఎంచుకుంటే కనిపించే నున్నటి రేఖ కూడా చూపుకే. మన మొత్తానికీ దానికీ సంబంధం లేదు.

ఇంజెక్షన్‌కు కూడా ఇదే లెక్కా?

పట్టీల లెక్క ఇదే, మొదటి వరుస మాత్రం వేరు. నోటి ద్వారా ఒకే మోతాదు ఇచ్చినప్పుడు సున్నా గంటకు గాఢత సున్నా. నరంలోకి ఒక్కసారిగా ఇచ్చినప్పుడు సున్నా గంటకే గాఢత అన్నిటికంటే ఎక్కువ. కొలవలేం కాబట్టి మొదటి రెండు రీడింగుల లాగరిథమ్‌ల గీతను వెనక్కి పొడిగించి కట్టాలి. అక్కడ 0 పెడితే మొదటి పట్టీ బాగా తగ్గిపోతుంది.

ఈ పద్ధతిని 1994లో ఎవరో కొత్తగా కనిపెట్టారని విన్నాను, నిజమేనా?

ఆ ఏడాది ఒక డయాబెటిస్ పత్రికలో గ్లూకోజ్ వక్రం కింది వైశాల్యానికి కొత్త నమూనా అంటూ ఒక వ్యాసం వచ్చిన మాట నిజం. అది ట్రెపిజాయిడల్ రూలేనని పాఠకులు వెంటనే ఉత్తరాలు రాశారు. క్రీస్తుపూర్వమే బాబిలోనియా ఖగోళజ్ఞులు గురుగ్రహం కదిలిన దూరం కట్టడానికి సమలంబ చతుర్భుజ వైశాల్యం వాడినట్టు మట్టి పలకల మీద ఆధారాలున్నాయి. థీసిస్‌లో పద్ధతి పేరు "ట్రెపిజాయిడల్ రూల్" అనే రాయండి. మామూలుదా, లాగ్‌దా, BLQలను ఏం చేశారు అన్న మూడు ముక్కలూ దాని పక్కనే రాస్తే వైవాలో ఈ విషయం మీద ఎక్కువ ప్రశ్నలు రావు.

పట్టీల వైశాల్యాలను రౌండ్ చేయాలా?

వద్దు, మొత్తాన్ని చివర్లో ఒక్కసారి చేయండి.